ఇత్తడి దీపపు సెమ్మెకు మ్యూజియం కార్డు రాయడం: కొలత నుంచి పూర్వ చరిత్ర దాకా

మ్యూజియంలో ఒక వస్తువుకు రాసిన కేటలాగు కార్డు పనికొస్తుందో లేదో చూడటానికి నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ కార్డు చదివిన కొత్త మనిషి అలాంటివే పది ఉన్న అరలోంచి సరిగ్గా ఈ వస్తువునే తీయగలడా? ఐదేళ్ల తర్వాత ఇదే కార్డు పట్టుకుని వస్తువు ముందు నిలబడితే, ఈ మధ్యలో దానికి కొత్తగా ఏం జరిగిందో చెప్పగలడా? దొంగతనం జరిగినప్పుడు పోలీసులు అడిగేది మొదటిదే. 1997లో వచ్చిన ‘ఆబ్జెక్ట్ ఐడీ’ అనే అంతర్జాతీయ పద్ధతిలో కొలతలు, పదార్థం, రాతలు, గుర్తుపట్టే ఆనవాళ్లు తప్పనిసరి కావడానికి కారణం కూడా అదే.

ఇక్కడ ఒకే వస్తువును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా కార్డు రాద్దాం. చెన్నైలో మా చిన్న ప్రదర్శనశాలకు షావుకారుపేటలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం 2025లో ఇచ్చిన ఇత్తడి దీపపు సెమ్మె అది. కింద గుండ్రటి పీఠం, మధ్యలో కణుపులున్న కాండం, పైన ఐదు ముక్కులున్న చమురు తొట్టె. ఇలాంటివి మద్రాసు ఇళ్లలో వేలకొద్దీ ఉంటాయి కాబట్టే ఇది మంచి ఉదాహరణ. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా తెలిసేలా రాయడం ఇక్కడే కష్టం.

తోమకండి

సెమ్మె చేతికి రాగానే చింతపండు, బ్రాసో గుర్తొస్తాయి. వద్దు. తొట్టె అడుగున గడ్డకట్టిన చమురు, ముక్కుల దగ్గర మసి, కణుపుల సందుల్లో ఇరుక్కున్న పసుపు, కుంకుమ, ఇవన్నీ ఈ దీపం నిజంగా పూజలో వెలిగిందనడానికి సాక్ష్యాలు. కార్డు పూర్తయి, ఫొటోలు తీసి, లోహాల సంరక్షణ తెలిసినవారు చూసేదాకా ఏదీ తుడవకూడదు.

పట్టుకోవడానికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. నూలు గ్లౌజులు జిడ్డు లోహం మీద జారతాయి, సందుల్లో పోగులు వదులుతాయి. సెమ్మెను కాండం పట్టుకుని ఎత్తకండి. పాత మరలు అరిగి ఉంటాయి, పీఠం ఊడి కాలి మీద పడుతుంది. ఒక చెయ్యి పీఠం కింద, ఇంకో చెయ్యి తొట్టె కింద ఉండాలి. బల్ల మీద మందపాటి ఫోమ్ షీటు, దాని మీద తెల్ల కాగితం పరవండి. కాగితం ఎందుకో తర్వాత చెబుతాను.

మొదట నంబరు ఇవ్వాలి. ఈ సెమ్మెకు 2025.3.1 ఇచ్చాం. 2025లో వచ్చిన మూడో కానుక, అందులో మొదటి వస్తువు అని అర్థం. విడదీస్తే మూడు ముక్కలవుతుంది కాబట్టి పీఠానికి 2025.3.1.1, కాండానికి 2025.3.1.2, తొట్టెకు 2025.3.1.3. లోహం మీద నంబరు రాయాలంటే ముందు వార్నిష్ పూత వేయాలి, జిడ్డు మీద అది నిలవదు, అందుకని నంబరును లోహం మీద రాయకుండా నూలు దారంతో కట్టిన చీటీ మీద రాశాం, ఒక్కో ముక్కకు ఒక్కో చీటీ.

కొలతలు: ఎక్కడి నుంచి ఎక్కడికి

‘ఎత్తు 47.2 సెం.మీ.’ అని ఒక్కటే రాస్తే సరిపోదు. మరలు బిగించి ఉన్నప్పుడా, విప్పినప్పుడా? తొట్టె అంచు దాకానా, నడుమ ఉన్న బొడిపె దాకానా? అందుకే ప్రతి కొలత పక్కన హద్దులు రాయాలి.

ఎత్తు కొలవడానికి సెమ్మెను చదునైన బల్ల మీద నిలబెట్టి, పక్కన మూలమట్టం నిలువుగా ఆనించండి. తొట్టె పైన ఒక స్కేలు అడ్డంగా పెట్టి, అది మూలమట్టాన్ని ఎక్కడ తాకుతుందో చూడండి. టేపును వస్తువు ఒంపుల వెంట పట్టి కొలిస్తే ఎత్తు ఎక్కువ వస్తుంది. ఇనుప టేపు గీతలు పెడుతుంది, గుడ్డ టేపు కాలక్రమాన సాగుతుంది. వ్యాసాలకు ప్లాస్టిక్ కాలిపర్ మేలు. ప్రతి కొలతా రెండుసార్లు తీసి, రెండూ ఒకటైతేనే రాయండి. మేం అన్నీ సెంటీమీటర్లలో, చుక్క తర్వాత ఒక అంకెతో రాస్తాం. ఒక కార్డులో మిల్లీమీటర్లు, ఇంకో కార్డులో అంగుళాలు ఉంటే వెతికేటప్పుడు అవి కలవవు.

మన సెమ్మె బిగించి ఉన్నప్పుడు ఎత్తు 47.2. విప్పి కొలిస్తే పీఠం 9.4, కాండం 33.6, తొట్టె 7.0, కలిపితే 50.0. తేడా 2.8. కాండానికి రెండు కొసలా ఉన్న మర ఒక్కోటీ 1.4 పొడవుంది, అవి లోపలికి దిగుతాయి కాబట్టి లెక్క సరిపోయింది. ఇలాంటి తనిఖీకి అర నిమిషం చాలు, తప్పు కొలత ఉంటే వెంటనే బయటపడుతుంది. పీఠం వ్యాసం 19.6, తొట్టె వ్యాసం ముక్కులతో కలిపి 14.8.

తూకం చాలామంది వదిలేస్తారు. లోహపు వస్తువుకు మాత్రం వదలకండి. మొత్తం 2.46 కిలోలు. ముక్కలుగా తూస్తే పీఠం 1.18, కాండం 0.69, తొట్టె 0.59. ఈ అంకె ఎంత మాట్లాడుతుందో కాసేపట్లో చూద్దాం.

రాత ఉంటే ఉన్నది ఉన్నట్టే

పీఠం అంచు మీద సన్నటి చుక్కలతో కొట్టిన రాత ఉంది. పాత ఇత్తడి సామాను మీద పేర్లు ఇలాగే కొట్టించేవారు. టార్చి లైటును పక్క నుంచి ఏటవాలుగా వేస్తే చుక్కలు నీడలు పడి స్పష్టంగా కనబడతాయి. ఎదురుగా వేస్తే మెరుపులో కలిసిపోతాయి.

అక్కడ ఉన్నది: ‘కొ. సీ. వీ ౨’. కార్డులో కూడా అలాగే, ఆ తెలుగు అంకెతోనే రాయాలి. చెరిగిన అక్షరం ఉంటే దాని చోట చుక్కలు పెట్టాలి, ఊహించి నింపకూడదు. వివరణ మరో వరుసలో రాయాలి: ‘కొ. సీ.’ పొడి అక్షరాలు, ‘వీ ౨’ రెండు వీశెలు అని మా అభిప్రాయం. మద్రాసు వీశె 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1.4 కిలోలు. అంటే కొన్ననాడు సెమ్మె 2.8 కిలోలు తూగి ఉండాలి, ఇప్పుడు తూగేది 2.46. మరి 340 గ్రాములు ఎటు పోయాయి?

తొట్టె నడుమ బొడిపెలో మర చెక్కిన రంధ్రం ఉంది, వ్యాసం 0.9 సెం.మీ. అందులో ఒకప్పుడు ఏదో బిగించి ఉండేది. ఇలాంటి సెమ్మెల మీద సాధారణంగా హంస ఉంటుంది. తూకంలో లోటు దానికి సరిపోతుంది. అయినా ‘హంస పోయింది’ అని రాయకూడదు. కొట్టు యజమాని తూకాన్ని గుండ్రంగా రెండు వీశెలని కొట్టించి ఉండొచ్చు. కార్డులో ఇలా రాశాం: ‘తొట్టె నడుమ మర రంధ్రం ఖాళీగా ఉంది. పై భాగం ఒకటి లోపించింది. చెక్కిన తూకానికీ ఇప్పటి తూకానికీ సుమారు 0.34 కిలోల తేడా.’ కంటికి కనబడింది, తూగింది, అంతవరకే.

పదార్థం: తెలిసినంతే

ఇంట్లో అందరూ ఇత్తడి అంటారు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసినది. కంచు అంటే రాగి, తగరం. రెండింటినీ రంగు చూసి తేల్చడం నమ్మదగినది కాదు, పైపొర మారిన పాత వస్తువుల్లో మరీను. పరీక్ష జరగనంత వరకు ‘రాగి మిశ్రలోహం, ఇత్తడి కావచ్చు’ అని రాయడమే నిజాయితీ. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరంతో చూస్తే లోహాల పాళ్లు తెలుస్తాయి, అప్పుడు పరీక్ష తేదీతో సహా కార్డులో చేర్చవచ్చు. ఆ పరికరం కూడా పైపొరనే చూస్తుంది కాబట్టి ఎక్కడ పెట్టి చూశారో రాయాలి.

పదార్థం పేరు ఒకసారి తప్పుగా పడితే ఎంతకాలం అంటిపెట్టుకుంటుందో ఎగ్మూరు మ్యూజియంలోని అమరావతి శిల్పాలే చెబుతాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు తెప్పించిన పలకలకు ‘ఎలియట్ మార్బుల్స్’ అని పేరొచ్చింది. వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరాయి. ఆ రాయి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఆ సంగతి తెలిసి ఎన్నో ఏళ్లయినా ‘అమరావతి మార్బుల్స్’ అనే మాట ఈనాటికీ వినబడుతూనే ఉంది.

తయారీ పద్ధతిని పదార్థంతో కలపకుండా విడిగా రాయండి. మన సెమ్మె పీఠం లోపలి వైపు ఒకే కేంద్రం చుట్టూ సన్నటి వలయాల గీతలున్నాయి, అంటే పోత పోశాక లేత్ మీద తిప్పారు. ‘పోత పోసి, లేత్ మీద తిప్పి, మరలతో కూర్చినది.’ ఆ వలయాలు ఎక్కడ కనబడ్డాయో కూడా రాస్తే తర్వాతివాళ్లు సరిచూసుకోగలరు.

స్థితి: మూడు పచ్చరంగులు

కార్డులో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ‘పాతది, బాగానే ఉంది’ అన్న మాట రేపు దేనికీ పనికిరాదు. ప్రతి దెబ్బకూ నాలుగు సంగతులు కావాలి: ఏమిటి, ఎక్కడ, ఎంత, ఇంకా పెరుగుతోందా.

ఎక్కడ అన్నది గుండ్రటి వస్తువుల్లో చిక్కు. ముందు, వెనక ఉండవు. పీఠాన్ని గడియారం ముఖంలా ఊహించుకుని, చెక్కిన రాతను 6 దగ్గర పెట్టాం. ‘9 దగ్గర అంచు మీద సొట్ట, 1.2 సెం.మీ.’ అంటే ఎవరైనా వేలు పెట్టి చూపగలరు. తొట్టె మర మీద తిరుగుతుంది కాబట్టి పీఠం లెక్క దానికి పనిచేయదు. దానికి వేరే గుర్తు కావాలి. ఒక ముక్కు మొదట్లో టంకం పెట్టిన పాత అతుకు ఉంది. దాన్ని ఒకటో ముక్కు అని, పైనుంచి చూస్తూ కుడి తిప్పుగా మిగతావాటిని రెండు, మూడు, నాలుగు, ఐదు అని లెక్కపెట్టాం. ఈ ఏర్పాటును కార్డులో స్థితి భాగానికి మొదటి వాక్యంగా రాయాలి.

ఇక రంగులు. సెమ్మె మీద పచ్చగా కనబడే ప్రతిదాన్నీ చిలుము అని రాసేస్తుంటారు. నిజానికి ఇక్కడ మూడు రకాలున్నాయి, మూడింటికీ భవిష్యత్తు వేరు.

కాండం కణుపుల సందుల్లో ముదురు పచ్చ పొర గట్టిగా, నున్నగా అంటుకుని ఉంది. వెదురు పుల్ల కొసతో మెల్లగా తాకితే రాలదు. ఇది నిలకడగా ఉన్న చిలుము. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు.

తొట్టె లోపల, ముక్కుల కింద ఉన్న పచ్చదనం మైనంలా మెత్తగా, జిడ్డుగా ఉంది. పుల్లకు అంటుకుని సాగుతుంది. దీపపు నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి తయారయ్యే పదార్థమిది. నూనె వాడిన దీపాల్లో ఇది సహజం. ఒకరకంగా ఇది కూడా వాడుకకు సాక్ష్యమే.

మూడోది అసలు ప్రమాదం. పీఠం అడుగున 2 దగ్గర చిన్న గుంటల్లో లేత పచ్చటి పొడి చుక్కలు. తాకితే పొడిపొడిగా రాలుతుంది, గుంట లోపల లోహం తినేసినట్టు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్, గాలిలోని తేమ కలిసి రాగి మిశ్రలోహాన్ని తినే జబ్బు ఇది. గాలిలో తేమ 40 శాతానికి పైన ఉంటే చురుగ్గా సాగుతుంది, చెన్నైలో సముద్రపు గాలికి ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ అంతకంటే చాలా ఎక్కువే.

తెల్ల కాగితం పరచమన్నది ఇందుకే. ఏదీ తుడవొద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు. పుల్లతో, మెత్తటి బ్రష్‌తో ఆ చుక్కల మీద వదులుగా ఉన్న పొడి రాల్చి, ఫొటో తీసి, సెమ్మెను కొత్త తెల్ల కాగితం మీద నిలబెట్టండి. వారం, పది రోజులకు చూడండి. కాగితం మీద మళ్లీ లేత పచ్చ పొడి రాలితే జబ్బు సాగుతున్నట్టు. మన సెమ్మె కింద కాగితం మీద మళ్లీ పొడి పడింది. అప్పుడు రెండు పనులు వెంటనే చేయాలి: వస్తువును మిగతా లోహపు వస్తువుల నుంచి విడదీసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచడం, లోహాల సంరక్షకుడికి కబురు చేయడం. ఇంట్లో మందులు పూసి ప్రయోగాలు చేయకండి.

ఇంకొక ఆనవాలు కూడా రాశాం. పీఠం పైభాగంలో అక్కడక్కడా ఎర్రటి, గులాబీ ఛాయ మరకలు. చింతపండు పులుపుతో తోమీ తోమీ పైపొరలోని తుత్తునాగం కరిగిపోయి రాగి రంగు తేలింది. సందుల్లో తెల్లటి పొడి ఎండిన పాలిష్. ఈ రెండూ జబ్బు కాదు, పాత తోముళ్ల గుర్తులు.

స్థితి రాసిన తేదీ, రాసినవారి పేరు, ఏ వెలుతురులో చూశారో తప్పక పెట్టండి. కిటికీ వెలుగులో కనబడని గీతలు టార్చి వెలుగులో కనబడతాయి. ఎవరో తర్వాత చూసి ‘కొత్త గీతలు’ అని పొరబడకూడదు.

పూర్వ చరిత్ర: ఎవరు చెప్పారు, ఎలా తెలుసు

దాత డెబ్భై దాటిన పెద్దావిడ.

“రెండొందల ఏళ్ల నాటిదమ్మా ఇది. మా నాయనమ్మ కాపురానికి తెచ్చుకుంది” అన్నారు.

“ఏ ఊరి నుంచి వచ్చారండీ ఆవిడ?”

“నెల్లూరు నుంచి.”

“పెళ్లి ఏ ఏడాదో గుర్తుందా అమ్మా?”

“అదెక్కడ తెలుస్తుంది! మా నాయన పుట్టింది ముప్పై రెండులో. అప్పటికి ఇది మా ఇంట్లోనే ఉంది, అంతే తెలుసు.”

ఈ నాలుగు మాటల్లో మనకు గట్టిగా దొరికింది ఒకటే: 1932కు ముందు. రెండొందల ఏళ్లు అన్నది ఇంటి గౌరవం కొద్దీ చెప్పిన మాట. దాన్ని కొట్టిపారేయకుండా ‘దాత కథనం’ అన్న వరుసలో ఆవిడ మాటల్లోనే ఉంచాలి, కాలం అన్న వరుసలోకి రానివ్వకూడదు. పొడి అక్షరాల గురించి అడిగితే అవి తన ముత్తాతవని చెప్పారు, అదీ కథనంలోకే వెళ్లింది.

మాటలు ఆగాక కాగితాలు అడగాలి. శుభలేఖలు, ఆస్తి పంపకాల చిట్టాలు, పెళ్లి ఫొటోలు. ఆవిడ ఆల్బంలో ఒక పెళ్లి ఫొటో దొరికింది, అట్ట వెనక స్టూడియో ముద్రతో పాటు 1958 అని ఉంది. పెళ్లికూతురి భుజం వెనక ఒక సెమ్మె సగం కనబడుతోంది. కణుపుల వరుస మన సెమ్మెతో సరిపోతుంది, కొసన పక్షిలాంటి ఆకారం ఉంది. అంటే ఇదే సెమ్మె అయితే పై భాగం 1958 దాకా ఉంది. ఫొటోను ఆవిడ అనుమతితో కాపీ తీసి, దానికి వేరే పత్రం నంబరు ఇచ్చి కార్డులో ఆ నంబరు రాశాం. ‘ఇదే సెమ్మె కావచ్చు’ అన్నాం. ఒకేలా ఉండే సెమ్మెలు ఆ కాలంలో చాలానే చేశారు.

యాజమాన్యపు వరుసను పాత నుంచి కొత్తకు రాయాలి. అమెరికా మ్యూజియంలలో ఉన్న ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది: ఒకరి చేతి నుంచి ఇంకొకరికి నేరుగా వెళ్లిందని తెలిస్తే మధ్యలో సెమికోలన్, మధ్యలో ఖాళీ ఉంటే పూర్ణవిరామం. ఒక్క చిన్న గుర్తుతో తెలిసినదీ తెలియనిదీ విడిపోతాయి. మన కార్డులో ఇలా వచ్చింది:

‘చేసినవారు, చేసిన చోటు తెలియదు. దాత ముత్తాత, నెల్లూరు, 1932కు ముందు [దాత కథనం]; పెళ్లితో ఆయన కుమార్తె, మద్రాసు, 1932కు ముందు [దాత కథనం]; వారసత్వంగా ఆమె కుమారుడు, ఏడాది తెలియదు; వారసత్వంగా దాత, 1987; మ్యూజియానికి కానుక, 2025.’

కాలానికి చట్టంతో కూడా పని ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు, ఆపైన వయసున్న ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. మనకున్న ఆధారం 1932 దగ్గర ఆగింది, కానుక వచ్చిన 2025 నుంచి లెక్కిస్తే వందేళ్ల గీత 1925 దగ్గర ఉంది. ఎటువైపో తేలలేదు. కాబట్టి ‘1932కు ముందు, కింది హద్దు తెలియదు’ అని రాసి, తేలేదాకా పురావస్తువుగానే చూసుకుంటున్నాం.

ఒకే వస్తువుకు ఒకే పేరు

మా దగ్గర పనిచేసేవాళ్లలో ఒకరు సెమ్మె అంటారు, ఒకరు కుంది అంటారు, తమిళం ఇంటి భాషగా ఉన్నవాళ్లు కుత్తువిళక్కు అంటారు. అందరూ ఎవరికి తోచింది వారు రాస్తే, వెతికినప్పుడు మూడో వంతే దొరుకుతాయి. అందుకే ఒక పేజీ పదాల పట్టిక పెట్టుకున్నాం. వస్తువు పేరు గడిలో ‘దీపపు సెమ్మె’ ఒక్కటే. మిగతావి ‘ఇతర పేర్లు’ గడిలో. భాగాలకు పీఠం, కాండం, కణుపు, తొట్టె, ముక్కు, పై భాగం.

స్థితికి కూడా అంతే. సొట్ట అంటే లోహం లోపలికి వంగింది, తెగలేదు. బీట అంటే తెగింది, ముక్క ఊడలేదు. లోపించింది అంటే ముక్కే లేదు. గీత, అరుగుదల, అతుకు, చిలుము, పొడి చిలుము, నూనె చిలుము, మసి. ఒక్కో పదానికి ఒక్క వాక్యం అర్థం, వీలైతే ఒక ఫొటో. అందంగా, అపురూపమైన, అతి పురాతన లాంటి మాటలకు పట్టికలో చోటు లేదు. వాటితో ఎవరూ వస్తువును గుర్తుపట్టలేరు. ఇంగ్లిషు పేర్లతో జత కావాలంటే గెట్టి సంస్థవారి కళా, వాస్తు పదకోశం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి పదానికీ అక్కడ ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని పక్కన రాసుకుంటే భాష మారినా లంకె తెగదు.

మరొకరితో చదివించండి

కార్డు పూర్తయ్యాక వర్ణన ఇలా ఉంది: ‘దీపపు సెమ్మె. రాగి మిశ్రలోహం, ఇత్తడి కావచ్చు. మరలతో కూడిన మూడు భాగాలు: గుండ్రటి పీఠం, కణుపుల కాండం, ఐదు ముక్కుల తొట్టె. పీఠం అంచున చుక్కల రాత: కొ. సీ. వీ ౨. ఒకటో ముక్కు మొదట్లో టంకం అతుకు. పై భాగం లోపించింది.’

వస్తువును ఎన్నడూ చూడని సహోద్యోగికి ఈ కార్డు ఇచ్చి, దీపాల అర దగ్గరికి పంపండి. మీరు పక్కన నిలబడి సాయం చేయకండి. ఆయన తటపటాయించిన చోటే కార్డులో లోపం ఉంది. మా అరలో ఐదు ముక్కుల సెమ్మెలు ఇంకా ఉన్నాయి. ఆయన వాటి దగ్గర ఆగి, టంకం అతుకు చూసి దీన్ని తీశారు. రాత దాకా వెళ్లనే లేదు. అందుకని అతుకు దగ్గరి నుంచి తీసిన ఫొటోను కూడా, పక్కన స్కేలు పెట్టి, కార్డుకు చేర్చాం.

ఇక మీదట ఏది మారినా పాత వాక్యం కొట్టివేయకండి. కింద తేదీతో కొత్త వాక్యం చేర్చండి. రేపు ఎక్స్‌రే పరీక్షలో ఇది కంచు అని తేలితే ‘ఇత్తడి కావచ్చు’ అన్న మాట అక్కడే ఉంటుంది, దాని కింద పరీక్ష ఫలితం, చేసిన తేదీ, చేసినవారి పేరు వస్తాయి. పొడి చిలుము చుక్కలను మాత్రం మూడు నెలలకోసారి అదే కోణంలో, అదే వెలుగులో ఫొటో తీసి కొలవాలి. మా కార్డులో తర్వాతి పరీక్ష తేదీ ఇప్పటికే రాసి ఉంది.